రాయి నుంచి బస్తా దాకా: ట్రైనింగ్ రిపోర్టు రాసే తీరు



ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు ఏదో ఒక ఫ్యాక్టరీకి ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వెళ్తారు. తిరిగొచ్చాక ఒక రిపోర్టు రాసి కాలేజీలో ఇస్తారు. ఆ రిపోర్టు ఎలా రాయాలన్నది ఈ రోజు మన విషయం. అన్ని రకాల ఫ్యాక్టరీలనూ ముందేసుకుంటే ఏదీ తేలదు కాబట్టి ఒక్క సిమెంటు ఫ్యాక్టరీనే తీసుకుంటాను. మేళ్లచెరువు, జగ్గయ్యపేట, మాచర్ల, తాండూరు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, ఇలా సున్నపురాయి దొరికే చోటల్లా మనకు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ విద్యార్థులు చాలామంది ట్రైనింగ్‌కు వెళ్లేది వాటికే.

కాలేజీలు అడిగే రిపోర్టులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. సరుకు ఎలా తయారవుతుందో చెప్పే ప్రాసెస్ ఫ్లో ఒకటి, చూసిన యంత్రాలు రెండోది, భద్రతా పద్ధతులు మూడోది. కంపెనీ చరిత్ర, సర్టిఫికెట్, కృతజ్ఞతలు ఎలాగూ ఉంటాయి, వాటికి నాలుగు పేజీలు చాలు. రిపోర్టుకు విలువ తెచ్చేవి ఆ మూడు భాగాలే. చిత్రమేమిటంటే, ఎక్కువమంది బయటి నుంచి తెచ్చి అతికించేది కూడా ఆ మూడింటినే.

అతికించిన సంగతి వైవాలో పట్టేయడానికి ఎక్కువసేపు పట్టదు. ఇప్పుడు మన దగ్గర నడిచే పెద్ద ఫ్యాక్టరీలన్నీ దాదాపు పొడి పద్ధతివే. రాయిని పొడిగానే నూరి, పొడిగానే కాలుస్తారు. రిపోర్టులో మాత్రం ‘స్లర్రీ ట్యాంకు నుంచి పంపు ద్వారా కిల్న్‌కు పంపుతారు’ అని ఉంటుంది. స్లర్రీ అంటే నీళ్లు కలిపి నూరిన ముద్ద. అది పాత తడి పద్ధతిలో ఉండేది. ఆ వాక్యం ఎక్కడో పాత పుస్తకంలోంచి దిగిందని పరీక్షించేవారికి వెంటనే తెలిసిపోతుంది. ప్లాంటులో రాయిని నూరేది నిలువు రోలర్ మిల్లయితే రిపోర్టులో బాల్ మిల్లు బొమ్మ ఉంటుంది. దుమ్ము పట్టేది బ్యాగ్ హౌస్ అయితే రిపోర్టులో ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ గురించి రెండు పేజీలుంటాయి. ఇవి భాషకు సంబంధించిన తప్పులు కావు. రాసినవాడు ఆ ప్లాంటును చూడలేదని చెప్పే సాక్ష్యాలు.

అందుకే రిపోర్టు రాయడం ఇంటికొచ్చాక మొదలయ్యే పని కాదు. ఫ్యాక్టరీలో మొదటి రోజు జేబులో పెట్టుకునే చిన్న నోటు పుస్తకంతోనే మొదలవుతుంది. ఆ పుస్తకంలో ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టండి. కళ్లారా చూసినదానికి ‘చూ’ అని, ఎవరైనా చెప్పగా విన్నదానికి ‘వి’ అని, బోర్డు మీదో నేమ్ ప్లేటు మీదో లాగ్ షీటులోనో చదివినదానికి ‘చ’ అని రాయండి. దాని పక్కన తేదీ, టైము వేయండి. విన్నదైతే చెప్పినవారి హోదా కూడా రాయండి. షిఫ్ట్ ఇన్‌చార్జి చెప్పారా, ఫిట్టర్ చెప్పారా, తోటి ట్రైనీ చెప్పాడా అన్నది తర్వాత అవసరపడుతుంది. ఉదాహరణకు ఫ్యాక్టరీ గేటు దగ్గరి బోర్డు మీద ‘రోజుకు 3000 టన్నులు’ అని ఉంటుంది. అది డిజైన్ సామర్థ్యం. మీరున్న వారంలో నిజంగా వచ్చిన ఉత్పత్తి వేరు. ఈ రెండూ కలగాపులగం కాకుండా కాపాడేది ఆ చిన్న గుర్తే.

ఇక ప్రాసెస్ ఫ్లో సంగతి. ఇక్కడ చాలామంది చేసేది యంత్రాల పేర్లు వరుసగా రాసి మధ్యలో బాణాలు గీయడం. క్రషర్, స్టాకర్, రీక్లెయిమర్, రా మిల్లు, సైలో, ప్రీహీటర్, కిల్న్, కూలర్, సిమెంటు మిల్లు, ప్యాకింగ్. వరుస తప్పేమీ కాదు. కానీ దాన్ని చదివినవారికి ఆ ప్లాంటు ఎలా నడుస్తుందో తెలియదు. ఎందుకంటే సిమెంటు ఫ్యాక్టరీలో ప్రయాణం చేసేది రాయి ఒక్కటే కాదు. గాలి కూడా ప్రయాణం చేస్తుంది, అదీ రాయికి ఎదురుగా.

కాబట్టి మీ బొమ్మలో రెండు గీతలుండాలి. ముందు రాయి గీత. క్వారీ నుంచి వచ్చిన సున్నపురాయి క్రషర్‌లో నలిగి, కుప్పగా పరచబడి, దాంతోపాటు కొద్దిగా ఇనుప ఖనిజం, బాక్సైటు లాంటివి అవసరాన్ని బట్టి కలిసి, రా మిల్లులో మెత్తటి పిండి అవుతుంది. దీన్నే ప్లాంటులో రా మీల్ అంటారు. ఆ పిండిని ప్రీహీటర్ అనే ఎత్తైన టవర్ పైకి ఎక్కిస్తారు. అక్కడ ఒకదాని కింద ఒకటిగా ఐదో ఆరో సైక్లోన్లుంటాయి. పిండి పై నుంచి కిందికి దిగుతూ వేడెక్కుతుంది. కాల్సినర్‌లో సుమారు 850 నుంచి 900 డిగ్రీల దగ్గర సున్నపురాయిలోని కార్బన్ డయాక్సైడు చాలావరకు వెళ్లిపోతుంది. మిగిలింది కిల్న్‌లోకి దిగి, 1450 డిగ్రీల దాకా వేడెక్కి, గోలీల్లాంటి క్లింకర్ అవుతుంది. కూలర్‌లో క్లింకర్ సుమారు 100 డిగ్రీలకు చల్లారుతుంది. దానికి జిప్సమ్, రకాన్ని బట్టి ఫ్లై యాష్ కలిపి నూరితే సిమెంటు.

ఇప్పుడు గాలి గీత, చివరి నుంచి మొదటికి. కూలర్ కింద ఉన్న ఫ్యాన్లు చల్లగాలిని ఊదుతాయి. ఆ గాలి క్లింకర్‌ను చల్లార్చి తాను వేడెక్కుతుంది. అందులో ఒక పాయ కిల్న్‌లోకి, మరో పాయ ప్రత్యేకమైన పైపు ద్వారా కాల్సినర్‌లోకి వెళ్లి అక్కడి బొగ్గును మండిస్తాయి. మండిన వాయువులు ప్రీహీటర్ గుండా పైకెక్కుతూ దిగే పిండికి వేడినిస్తాయి. పైన బయటపడేసరికి వాటి వేడి 300 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ వేడినీ వదలరు. రా మిల్లుకు తీసుకెళ్లి, నూరుతున్న రాయిలోని తేమను ఆరబెట్టడానికి వాడతారు. ఆ తర్వాతే దుమ్ము వడకట్టి, చిమ్నీ ద్వారా బయటికి వదులుతారు.

ఈ రెండో గీత గీసినవాడికి ఒక ప్రశ్న దానంతటదే వస్తుంది. రా మిల్లు మరమ్మతు కోసం ఆగి, కిల్న్ మాత్రం నడుస్తుంటే ఆ వేడి వాయువు ఎటు పోతుంది? ఈ ప్రశ్న కంట్రోల్ రూములో అడగండి. కొన్ని ప్లాంట్లలో ఒక టవర్‌లో నీళ్లు చిమ్మి వాయువును చల్లార్చి ఫిల్టరుకు పంపుతారు. కొన్నిచోట్ల ప్రీహీటర్ నుంచి దిగే పైపులోనే నీళ్లు చిమ్ముతారు. మరికొన్నిచోట్ల ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. చల్లార్చకుండా పంపితే ఫిల్టరు సంచులు కాలిపోతాయి. మీ ప్లాంటులో ఏది ఉందో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. మీరు ప్రాసెస్‌ను అర్థం చేసుకున్నారని రుజువు చేయడానికి పది పేజీల వర్ణన కంటే ఆ రెండు వాక్యాలు ఎక్కువ పనికొస్తాయి.

బొమ్మ అయ్యాక దాని మీద అంకెలు వేయాలి. అంకెలంటే కనిపించినవన్నీ అని కాదు. రాయి గీత మీద నాలుగైదు చోట్ల గంటకు ఎన్ని టన్నులు, గాలి గీత మీద నాలుగైదు చోట్ల ఎన్ని డిగ్రీలు, అంతే. అవి వేశాక ఒక పని చేయండి. లోపలికి పోయింది, బయటికి వచ్చింది సరిపోతున్నాయా అని లెక్క చూడండి. ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. అంకెలు లెక్క సులువుగా ఉండేలా తీసుకుంటున్నాను, దగ్గర కాగితం ఉంటే రాసుకోండి.

ఒక ప్లాంటు కంట్రోల్ రూము తెర మీద కిల్న్ ఫీడ్ గంటకు 200 టన్నులని మీరు చదివారు. అదే రోజు ప్రొడక్షన్ రిపోర్టులో క్లింకర్ 3000 టన్నులని ఉంది. 24తో భాగిస్తే గంటకు 125 టన్నులు. 200 టన్నుల పిండి పోస్తే 125 టన్నుల క్లింకర్ వచ్చింది. మరి మిగతా 75 టన్నులు ఏమయ్యాయి?

సున్నపురాయి అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దాన్ని కాలిస్తే 100 కిలోల్లో 44 కిలోలు కార్బన్ డయాక్సైడుగా గాల్లోకి పోతుంది. రా మీల్‌లో మట్టి పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి నష్టం అంతకంటే తక్కువ. మీ ప్లాంటు ల్యాబ్‌లో అడిగితే ఆ సంఖ్య చెబుతారు. ఎల్‌ఓఐ, అంటే కాల్చినప్పుడు తగ్గే బరువు, 35 శాతం అన్నారనుకుందాం. అప్పుడు 200 టన్నుల్లో 70 టన్నులు గాలిలో పోతాయి, 130 మిగలాలి.

ఇక్కడితో ఆగకూడదు. బొగ్గు సంగతి చూడాలి. కిలో క్లింకర్‌కు 725 కిలో క్యాలరీల వేడి పడుతుందని, బొగ్గు కిలోకు 5200 కిలో క్యాలరీలు ఇస్తుందని అక్కడివారు చెప్పారనుకోండి. లెక్క వేస్తే గంటకు దాదాపు 17 టన్నుల 400 కిలోల బొగ్గు. అందులో బూడిద 25 శాతమైతే సుమారు 4 టన్నుల 400 కిలోలు. ఆ బూడిద ఎక్కడికీ పోదు, క్లింకర్‌లోనే కలిసిపోతుంది. అంటే రావాల్సింది 130 కాదు, 134 పైచిలుకు. ప్రొడక్షన్ రిపోర్టు చెప్పేది 125. తొమ్మిది టన్నులకు పైగా తేడా.

ఈ తేడా చూసి కంగారుపడి అంకెలు దిద్దకండి. అసలు విషయం దాగుంది ఇక్కడే. ప్రీహీటర్ పై సైక్లోన్ పిండిని మొత్తంగా పట్టలేదు. కొంత మెత్తటి పిండి వాయువుతోపాటే పైనుంచి బయటికి పోతుంది. అది ఇంకా కాలలేదు కాబట్టి పిండి లెక్కలోనే చూడాలి. క్లింకర్‌లో దాదాపు తొమ్మిదిన్నర టన్నుల లోటంటే పిండిలో పద్నాలుగున్నర టన్నులు. 200లో అది 7 శాతం చిల్లర. ఆ పిండి చిమ్నీలోంచి వృథాగా పోదు. ఫిల్టరులో పట్టుబడి తిరిగి సైలోకు చేరి, మళ్లీ కిల్న్ ఫీడ్‌గా వస్తుంది. అంటే అదే పిండి రెండోసారి తూకమెక్కుతోంది. ఈ ఒక్క మాట మీ రిపోర్టులో ఉంటే, మీ బొమ్మలో ఫిల్టరు నుంచి సైలోకు తిరిగొచ్చే బాణం ఎందుకుందో చదివేవారికి అర్థమవుతుంది.

ఇంకొక్క మెట్టు ఎక్కాలి. ఆ 125 టన్నుల అంకె ఎలా వచ్చిందో అడగండి. చాలా ప్లాంట్లలో క్లింకర్‌ను నేరుగా తూచరు. కిల్న్ ఫీడ్‌ను ఒక ఫ్యాక్టరుతో భాగించి లెక్కగడతారు. 200ను 1.6తో భాగిస్తే సరిగ్గా 125 వస్తుంది, గమనించారా? తర్వాత క్లింకర్ నిల్వను కొలిచి, నూరిన సిమెంటు లెక్కతో పోల్చి ఆ ఫ్యాక్టరును సవరిస్తారు. కాబట్టి మీరు రాయాల్సింది ‘క్లింకర్ గంటకు 125 టన్నులు, ఫీడ్‌ను బట్టి లెక్కగట్టినది’ అని. తూచింది వేరు, లెక్కగట్టింది వేరు. మనం పైన తేల్చిన 7 శాతం దుమ్ము కూడా ఆ 1.6 ఎంత నిజమో అంతే నిజం. ఆ హద్దు కూడా రిపోర్టులో చెప్పాలి. ఇంజనీరు రాతకూ మామూలు వ్యాసానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

రెండో భాగం యంత్రాలు. ఇరవై యంత్రాల గురించి తలా అర పేజీ రాయడం కంటే మూడు యంత్రాల గురించి తలా నాలుగు పేజీలు రాయడం మేలు. మిగతావాటికి ఒక పట్టిక చాలు. యంత్రాన్ని ఎంచుకున్నాక నాలుగు సంగతులు చెప్పండి. అది ఏం పని చేస్తుంది, దాన్ని ఏది తిప్పుతుంది, అందులో ముందుగా అరిగేది ఏది, అరిగిందని అక్కడివారు ఎలా కనిపెడతారు. మొదటి మూడూ పుస్తకాల్లో దొరకొచ్చు. నాలుగోది ప్లాంటులో తప్ప దొరకదు.

కిల్న్‌నే తీసుకోండి. రోజుకు 3000 టన్నుల ప్లాంటులో అది సుమారు 4 మీటర్ల వ్యాసం, 60 మీటర్ల పైచిలుకు పొడవు ఉండే ఉక్కు గొట్టం. లోపల ఇటుకల పొర. కొద్ది వాలుతో పడుకొని నిమిషానికి నాలుగు చుట్ల చొప్పున తిరుగుతుంటుంది. దాని బరువు మోసేవి టైర్లు. రబ్బరు టైర్లు కావు, గొట్టం చుట్టూ తొడిగిన భారీ ఉక్కు వలయాలు. అవి కింద రోలర్ల మీద దొర్లుతాయి.

ఈ టైరు గొట్టానికి బిగించి ఉండదు, కొద్దిగా వదులుగా ఉంటుంది. గొట్టం వేడెక్కి వ్యాకోచించడానికి ఆ సందు కావాలి. సందు ఉంది కాబట్టి టైరు లోపలి చుట్టు, గొట్టం బయటి చుట్టు కంటే కాస్త పెద్దది. అందువల్ల తిరిగేటప్పుడు రెండూ సమానంగా సాగవు. ఒక్కో చుట్టుకు టైరు కొన్ని మిల్లీమీటర్లు వెనకబడుతుంది. దీన్ని కొలిచే పద్ధతి చూడదగ్గది. ఆ పని చేసేవారు టైరు మీదా, దాని పక్కనే గొట్టానికి అతికిన ప్యాడ్ మీదా ఎదురెదురుగా సుద్దతో గీత గీస్తారు. కిల్న్ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆ రెండు గీతలూ ఎడమవుతాయి. ఆ ఎడాన్ని కొలుస్తారు. అది 12 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 3.14తో భాగిస్తే సుమారు 4 మిల్లీమీటర్లు. టైరుకూ గొట్టానికీ వ్యాసంలో ఉన్న తేడా అంతన్నమాట.

ఇప్పుడు ఆ అంకె ఏం చెబుతుందో రాయండి. ఎడం సున్నా అయిందంటే టైరు గొట్టాన్ని పట్టేసింది, గొట్టం వ్యాకోచించడానికి చోటు లేదు. అక్కడ ఉక్కు లోపలికి నొక్కుకుపోయి, ఇటుకలు నలిగిపోతాయి. చల్లారిన కిల్న్‌ను మరీ త్వరగా వేడిచేస్తే ఇలా జరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే టైరు కంటే గొట్టం ముందు వేడెక్కుతుంది. ఎడం మరీ ఎక్కువైతే టైరు వదులైపోయింది. గొట్టం తన బరువుకు తానే కోలగా అణుగుతుంది, ఇటుకలు కదిలి ఊడతాయి. ఇటుక ఊడిన చోట గొట్టం బయటివైపు వేడి పెరిగి, చీకట్లో ఎర్రగా కనిపిస్తుంది. అందుకే కిల్న్ పొడవునా గొట్టం వేడిని చూసే స్కానర్ పెడతారు. ఆ తెర మీది గీత ఎక్కడ ఎత్తుగా లేస్తోందో కంట్రోల్ రూములో రోజంతా గమనిస్తుంటారు. చూశారా, సుద్దముక్కతో మొదలై స్కానర్ తెర దాకా వచ్చాం. రిపోర్టులో యంత్రం గురించి రాయడమంటే ఇలా ఒక కొలత నుంచి ఒక కారణానికి, ఆ కారణం నుంచి ఒక నిర్ణయానికి రావడం. ఇంకో మాట. తిరిగే కిల్న్ దగ్గర ఆ కొలతను మీరు తీయకండి. తీసేవారు తీస్తుంటే దూరంగా నిలబడి చూసి, అంకె అడిగి రాసుకోండి.

నేమ్ ప్లేటు సంగతి కూడా చెప్పాలి. మోటారు నేమ్ ప్లేటు మీద 500 కిలోవాట్లని ఉంటే, మోటారు 500 కిలోవాట్లు వాడుతోందని చాలామంది రాస్తారు. అది దాని సామర్థ్యం మాత్రమే. వాడకం ఎంతో కంట్రోల్ రూము తెర చెబుతుంది, సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది. రెండూ పక్కపక్కన రాసి, తెర మీద చూసిన టైము వేయండి.

మూడో భాగం భద్రత. అన్నిటికంటే పేలవంగా ఉండేది ఈ అధ్యాయమే. హెల్మెట్, బూట్లు, గ్లౌజులు, అద్దాలు అని ఒక జాబితా, ‘భద్రతే ప్రథమం’ అనే నినాదం, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ రకాల పట్టిక. అది ఏ ఫ్యాక్టరీకైనా అతుకుతుంది, కాబట్టి ఏ ఫ్యాక్టరీ గురించీ చెప్పదు. ఈ ప్లాంటులో మనిషిని చంపగలిగేది ఏమిటి, దానికి అడ్డుగా ఏం పెట్టారు? భద్రత అధ్యాయం ఈ ప్రశ్నతో మొదలవ్వాలి.

సిమెంటు ఫ్యాక్టరీలో ఆ ప్రశ్నకు ప్రీహీటర్ దగ్గర ఒక జవాబుంది. కొన్నిసార్లు కింది సైక్లోన్‌లో పిండి పేరుకొని దారి మూసుకుపోతుంది. దాన్ని సైక్లోన్ జామ్ అంటారు. సైక్లోన్ అడుగున ఉండాల్సిన పీడన రీడింగు పడిపోవడం చూసి కంట్రోల్ రూములో కనిపెడతారు. వెంటనే ఫీడ్ ఆపాలి. ఆపకపోతే టన్నులకొద్దీ పిండి పైన పేరుకుంటుంది. ఆ పిండి వేడి 800 డిగ్రీల పైమాటే. గాలి కలిసిన ఆ పిండి, అడ్డు తొలగిన క్షణంలో నీళ్లలా పారుతుంది. తెరిచి ఉన్న ఏ కంతలోంచైనా ఎగజిమ్ముతుంది. కిందికి దూసుకెళ్లి కిల్న్ దాటి కూలర్ దాకా కూడా రాగలదు.

జామ్ తీయడానికి చిన్న కంతల గుండా పొడవాటి పైపుతో గాలి కొడతారు. ఆ పనికి ముందు ఏమేం చేస్తారో అడిగి, వరుసగా రాయండి. మంచి ప్లాంటులో వరుస ఇలా ఉంటుంది. పర్మిట్ తీసుకుంటారు. టవర్ మీదా, కింద కిల్న్ ఇన్‌లెట్ దగ్గరా, బర్నర్ ప్లాట్‌ఫారం మీదా, కూలర్ చుట్టూ ఉన్న మనుషులను ఖాళీ చేయించి, దారులకు అడ్డంగా తాళ్లు కడతారు. సైక్లోన్లకు బిగించిన ఎయిర్ బ్లాస్టర్లను ఆపి, వాటిలోని గాలిని వదిలేసి, తాళం వేస్తారు. ఫ్యాన్ నడుపుతూ లోపల గుంజుడు ఉండేలా చూస్తారు. ఒకసారికి ఒక్క కంతే తెరుస్తారు. పనిచేసేవారు తలనుంచి కాళ్ల దాకా వేడిని ఆపే అల్యూమినియం పూత సూట్లు వేసుకుంటారు. తప్పుకునే దారి ఖాళీగా ఉందో లేదో ముందే చూసుకుంటారు.

ఇందులో ఎయిర్ బ్లాస్టర్ సంగతి ఎందుకు అంత ముఖ్యమో వివరించండి. అది పేరుకున్న పిండిని కదిలించడానికి దానంతటదే గాలి పేల్చే తొట్టి. మనిషి కంత తెరిచి నిలబడ్డప్పుడు అది పేలితే వేడి పిండి నేరుగా అతని మీదికే వస్తుంది. స్విచ్ ఆపితే సరిపోదు, తొట్టిలో నిలవున్న గాలి కూడా పోవాలి. ఇలా ఒక్క నియమం వెనక ఉన్న కారణం రాస్తే, పది నియమాల జాబితా కంటే అదే చదివేవారికి ఉపయోగం. జామ్ తీసే చోటికి ట్రైనీ వెళ్లకూడదు. ఈ భాగం మీ నోటు పుస్తకంలో ‘వి’ గుర్తుతోనే ఉండాలి.

మిల్లు లోపలికో సైలో లోపలికో దిగి పనిచేసేటప్పుడు పాటించే పద్ధతులు షట్‌డౌన్ సమయంలో మీకు దగ్గరగా కనిపిస్తాయి. మోటారు కరెంటు తీసి, పనిచేసే ప్రతి ఒక్కరూ తమ సొంత తాళం వేస్తారు. తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, యంత్రం కదలడం లేదని నిర్ధారించుకుంటారు. ఆ చివరి మెట్టు ఉందా లేదా అన్నది గమనించండి. లోపలి గాలిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని మీటరుతో చూస్తారు. మనిషి లోపల ఉన్నంతసేపూ తలుపు దగ్గర ఇంకొకరు కాపలా ఉంటారు. లోపలికి తీసుకెళ్లే చేతిదీపం 24 వోల్టులకు మించకూడదు. ఈ నియమం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36ఎ సెక్షన్‌తో వచ్చింది. ఆ దీపం ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడుందో, దాని మీదున్న వోల్టేజీ ఎంతో చూసి రాయండి.

బోర్డు మీద ఉన్నది ఒకటి, జరిగేది ఒకటి అయినప్పుడు ఏం చేయాలి? ఒక కన్వేయర్ పక్కన ఆపత్కాలంలో లాగే తాడు తెగి వేలాడుతోందనుకోండి. ముందు షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పండి. రిపోర్టులో ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరినీ నిందించకుండా, ఫలానా తేదీన ఫలానా కన్వేయర్ దగ్గర తాడు పనిచేయడం లేదని గమనించి తెలియజేశాం, ఇన్ని రోజులకు సరిచేశారు అని రాయండి. సరిచేయకపోతే సరిచేయలేదని రాయండి. పొగడ్త, ఫిర్యాదు రెండూ లేకుండా గమనించినది గమనించినట్టు రాస్తే ఏ మేనేజరూ అభ్యంతరపెట్టలేడు.

ఫ్యాక్టరీకి దాచుకోవాల్సిన లెక్కలుంటాయని మరవకండి. ఫొటోలు తీయొద్దంటే తీయకండి, చేత్తో గీసిన బొమ్మ చాలు, వైవాలో దానికే విలువ ఎక్కువ. రిపోర్టు బైండింగుకు ఇవ్వకముందే ఫ్యాక్టరీలోని మీ గైడుకు చూపించండి. ఏ అంకె అచ్చు వేయొచ్చో ఏది వద్దో వారే చెబుతారు. కుదిరితే కిల్న్ గురించి రాసిన పేజీని అక్కడి షిఫ్ట్ ఫిట్టర్‌కు చదివి వినిపించండి. ‘ఇది మా కిల్నే’ అని ఆయన అంటే ఆ పేజీ పాసైనట్టే.

చివరగా మీరందరూ చేయాల్సిన పని ఒక్కటి చెప్పి ముగిస్తాను. రిపోర్టు పూర్తయ్యాక ఒక రోజు పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదవండి. ప్రతి పేరాలో ఫ్యాక్టరీ పేరు తీసేసి ఇంకో ఫ్యాక్టరీ పేరు పెట్టి చూడండి. అప్పటికీ ఆ పేరా సరిపోతుంటే, అది మీరు చూసింది కాదు, దాన్ని కొట్టేయండి. ఎనభై పేజీలు ముప్ఫైకి తగ్గినా ఫర్వాలేదు. ఆ ముప్ఫై పేజీల్లో ఏ అంకె మీద వేలు పెట్టినా, ఎక్కడ చదివారో, ఎవరు చెప్పారో, ఎలా లెక్కగట్టారో మీరు చెప్పగలగాలి. చెప్పలేని అంకెను మాత్రం వైవా దాకా తీసుకెళ్లకండి.